స్టిరాయిడ్ మొదలుపెట్టే ముందు స్ట్రాంగిలాయిడిస్‌ని పట్టుకోవడం ఎలా: కర్నూలు, కడప, అనంతపురం వార్డుల కోసం

స్టిరాయిడ్ మీదున్న పేషెంటుకు మూడో వారంలో కడుపునొప్పి, నాలుగో వారంలో ఆయాసం, ఆ వెంటనే రక్తంలో ఈ.కోలై. ఈ వరుస చూస్తే చాలామందికి మందుల వల్ల వచ్చిన గ్యాస్ట్రైటిస్, ఆస్తమా, సెప్సిస్ అని మూడు వేర్వేరు జబ్బులు తోస్తాయి. చాలాసార్లు అవి మూడూ ఒకటే. పేగులో ఏళ్ల తరబడి చప్పుడు లేకుండా ఉన్న స్ట్రాంగిలాయిడిస్ స్టెర్కొరాలిస్ అనే సన్నటి పురుగు, స్టిరాయిడ్ పడగానే అదుపు తప్పి ఒళ్లంతా పాకడం. దీన్నే హైపర్‌ఇన్ఫెక్షన్ అంటారు. మందు ఇచ్చినా సగానికి పైగా పేషెంట్లు బతకని జబ్బు ఇది. స్టిరాయిడ్‌కు ముందు దాన్ని ఆపడానికి మాత్రం మూడు నాలుగు మాత్రలు చాలు.

ఇది హౌస్ సర్జన్లు, పీజీలు, చిన్న ఆసుపత్రుల డాక్టర్లు, ల్యాబ్ టెక్నీషియన్ల కోసం రాసింది. ఇంట్లో ఎవరికైనా స్టిరాయిడ్ మొదలుపెడుతున్నవాళ్లూ చదవొచ్చు. వాళ్లకు ఒక్క మాట: ఇది చదివి భయపడి స్టిరాయిడ్ మాత్ర మీ అంతట మీరు ఆపేయొద్దు. వారాల తరబడి వాడిన స్టిరాయిడ్ ఒక్కసారిగా ఆపితే బీపీ పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది.

ముందు ఈ పురుగు లెక్క వేరని తెలుసుకోండి

ఏలికపాములు, కొంకిపురుగులు మనిషి ఒంట్లో పిల్లల్ని పెట్టి అక్కడే పెంచలేవు. వాటి గుడ్లు మలంతో బయటికి పోయి, మట్టిలో ఎదిగి, మళ్లీ మనిషిలోకి రావాలి. అందుకే కొత్తగా అంటకపోతే కొన్నేళ్లకు అవే పోతాయి. స్ట్రాంగిలాయిడిస్ అలా కాదు. తడి మట్టిలోని లార్వా పాదం చర్మం గుండా లోపలికి దూరి, ఊపిరితిత్తుల మీదుగా పైకి వచ్చి, గొంతు దిగి చిన్నపేగు చేరుతుంది. అక్కడ రెండు మిల్లీమీటర్ల పైచిలుకు పొడవుండే ఆడపురుగు మగదాని అవసరం లేకుండానే గుడ్లు పెడుతుంది. ఆ గుడ్లు పేగు గోడలోనే పొదిగి లార్వాలవుతాయి. ఎక్కువ లార్వాలు మలంతో బయటికి పోతాయి. కొన్ని మాత్రం పేగులో ఉండగానే చర్మాన్ని చీల్చే దశకు ఎదిగి, పేగు గోడ గుండానో మలద్వారం పక్క చర్మం గుండానో తిరిగి ఒంట్లోకే వెళ్తాయి.

అంటే ఒకసారి అంటితే చాలు, ఆ మనిషి మళ్లీ మట్టి తొక్కకపోయినా జబ్బు జీవితాంతం నడుస్తుంది. రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా రైలుమార్గం పనుల్లో ఖైదీలుగా ఉన్న సైనికుల్లో ఈ పురుగు దశాబ్దాల తర్వాత కూడా దొరికింది. ‘ఇప్పుడు పొలం పనికి పోవట్లేదు సార్, పదిహేనేళ్లయింది’ అని పేషెంటు చెబితే ఊరట పడే అవకాశం ఇక్కడ లేదు.

మామూలుగా ఒంటి రక్షణ వ్యవస్థ, ముఖ్యంగా ఇసినోఫిల్స్, ఈ లోపలి చక్రాన్ని అదుపులో ఉంచుతాయి. స్టిరాయిడ్ ఆ కాపలాను పడగొడుతుంది. లార్వాలు వేగంగా ఎదగడానికి స్టిరాయిడే నేరుగా సంకేతం ఇస్తుందన్న అనుమానం కూడా శాస్త్రవేత్తలకు ఉంది. కారణం ఏదైనా, పదులలో ఉన్న లార్వాలు లక్షలవుతాయి. పేగు గోడను తూట్లు పొడుస్తూ, ఒంటికి అంటుకున్న పేగు బ్యాక్టీరియాను మోసుకుంటూ రక్తంలోకి వెళ్తాయి. అందుకే ఈ.కోలై, క్లెబ్సియెల్లా పదేపదే రక్తంలో కనబడతాయి, కొందరిలో మెదడు పొరల్లో కూడా. పెద్దవాళ్లలో ఈ.కోలై మెనింజైటిస్ మామూలుగా రాదు. స్టిరాయిడ్ మీదున్న పేషెంటులో అది వస్తే ముందు ఈ పురుగునే అనుమానించండి.

మొదటి అడుగు: ఎవరిని చూడాలి

రోజుకు 20 మి.గ్రా. లేదా అంతకు మించి ప్రెడ్నిసొలోన్ రెండు వారాలకు పైగా ఇవ్వబోతున్న ప్రతి పేషెంటునీ చూడాలి. నెఫ్రోటిక్ సిండ్రోమ్, లూపస్, పెంఫిగస్, కుష్ఠు రియాక్షన్లు, మెదడు టీబీ ఇందులోకే వస్తాయి. మిథైల్ ప్రెడ్నిసొలోన్ పల్స్‌లు, సైక్లోఫాస్ఫమైడ్, రిటుక్సిమాబ్, కిడ్నీ మార్పిడి, కీమోథెరపీ గురించి వేరే చెప్పక్కర్లేదు. ఆ 20 మి.గ్రా. అన్నది వార్డులో పని నడవడానికి పెట్టుకున్న గీత మాత్రమే. అంతకంటే తక్కువ మోతాదుల్లో, కొద్ది రోజుల కోర్సులతో కూడా హైపర్‌ఇన్ఫెక్షన్ వచ్చిన కేసులు ఉన్నాయి.

కేసు షీటులో కనబడని స్టిరాయిడ్ సంగతి కూడా ఉంది. మోకాళ్ల నొప్పికి ఆర్‌ఎంపీ దగ్గర వారం వారం వేయించుకునే సూది, ఆయాసానికి ఎవరో ఇచ్చే పేరులేని పొడి. ‘స్టిరాయిడ్ వాడారా?’ అని అడిగితే అందరూ లేదంటారు. ‘సూది వేయించుకున్న రోజు నొప్పి పూర్తిగా పోయి, ఆకలి బాగా వేసేదా? మొహం ఉబ్బిందా?’ అని అడగండి.

రెండో అడుగు: మట్టి చరిత్ర

రాయలసీమ ఎండిన నేల కదా, ఇక్కడ ఈ పురుగు ఎందుకుంటుంది అని నన్ను అడిగిన డాక్టర్లున్నారు. లార్వా బతకడానికి తడి, నీడ, మలం కలిసిన మట్టి కావాలి. ఎండిన వేరుశనగ చేనులో కష్టమే. కానీ సుంకేసుల నుంచి కడప దాకా కేసీ కాలువ కింద వరి మడులున్నాయి. బత్తాయి తోటల్లో పాదులున్నాయి, తమలపాకు తోటలున్నాయి. పైగా మనవాళ్లు ఒక్కచోట ఉండరు. కర్నూలు పడమటి మండలాల నుంచి ఏటా గుంటూరు వైపు మిరపకాయ కోతలకు, పత్తి తీతలకు వలసపోతారు. అక్కడ పొలం గట్టున గుడిసెల్లో, మరుగుదొడ్డి లేకుండా నెలల తరబడి ఉంటారు. ఆధార్ కార్డు మీద ఉన్న ఊరు చూసి ముప్పు లెక్కగట్టకండి.

అడగాల్సిన తీరు కూడా ముఖ్యం. ‘చెప్పుల్లేకుండా నడుస్తారా?’ అంటే ఎవరికైనా చిన్నతనంగా ఉంటుంది, లేదనే అంటారు. ‘పెద్దమ్మా, నాట్లకు పోయేదానివా?’ అని మొదలుపెడితే మాట దానంతటదే వస్తుంది. ఒక పెద్దామె నా ప్రశ్నకు తిరిగి నన్నే అడిగింది: ‘చెప్పులేసుకుని ఎవరన్నా మడిలోకి దిగుతారా సారూ?’ ఆ జవాబు చాలు.

ఇంకో మూడు సంగతులు కనుక్కోండి. ఏళ్లుగా వచ్చిపోయే పొట్ట మంట, వదులు విరేచనాలు ఉన్నాయా? నడివయసులో మొదలైన ఆస్తమా స్టిరాయిడ్‌తో తగ్గకపోగా పెరిగిందా? పిరుదులు, తొడలు, నడుము దగ్గర గంటల్లోనే జరిగిపోయే ఎర్రటి దురద గీత ఎప్పుడైనా వచ్చిందా? ఆ గీత చర్మం కింద లార్వా పాకిన దారి. అది గంటకు 5 నుంచి 10 సెంటీమీటర్ల దాకా కదులుతుంది. దద్దుర్లు ఇలా కదలవు. పేషెంట్లు దీన్ని ‘పొద్దున ఇక్కడ, మధ్యాహ్నం అక్కడ’ అని చెబుతారు. ఆ మాట వింటే సగం రోగనిర్ధారణ అయినట్టే. ఇవేవీ లేకపోయినా పురుగు లేదని కాదు. ఎక్కువమందికి ఏ బాధా ఉండదు.

మూడో అడుగు: స్టిరాయిడ్‌కు ముందే రక్తం

సీబీపీ అందరికీ చేయిస్తాం, ఇసినోఫిల్స్ గడి ఎవరూ చదవరు. శాతం కాకుండా అసలు సంఖ్య లెక్కగట్టండి. తెల్ల కణాలు 9,000, ఇసినోఫిల్స్ 14 శాతం అయితే 1,260. 500 దాటితే కారణం వెతకాలి. ‘అలర్జీ అయ్యుంటుంది’ అని సిట్రిజిన్ రాసి వదిలేయకూడదు. ఈ రక్తం మొదటి స్టిరాయిడ్ డోసుకు ముందు తీయాలి, ఎందుకంటే స్టిరాయిడ్ పడ్డాక ఇసినోఫిల్స్ కొద్ది గంటల్లోనే పడిపోతాయి. ఆ తర్వాత వచ్చే సున్నాకు విలువ లేదు. హైపర్‌ఇన్ఫెక్షన్ వచ్చినవాళ్లలో చాలామందికి ఇసినోఫిల్స్ మామూలుగానో అసలు లేకుండానో ఉంటాయి. ముందు నుంచీ మామూలుగా ఉన్నా పురుగు లేదని తేలిపోదు.

నాలుగో అడుగు: మోషన్ టెస్టును నమ్మదగ్గదిగా చేయడం

అసలు పొరపాటు జరిగేది ఇక్కడే. ఒక్క మలం నమూనాను మామూలు స్లైడు మీద చూస్తే, పురుగు ఉన్నవాళ్లలో ఎక్కువమందిని, పదిమందిలో ఏడుగురి దాకా, పట్టలేం. లార్వాలు మలంలో కొద్దిగా, అదీ కొన్ని రోజులే వస్తాయి. ‘స్టూల్ టెస్ట్ నెగెటివ్’ అని కేసు షీటులో రాసుకుని నిశ్చింతగా ఉండటం కంటే టెస్టు చేయకపోవడమే నయం. కనీసం అప్పుడు అనుమానమైనా మిగులుతుంది.

వేర్వేరు రోజుల్లో మూడు నమూనాలు తీసుకోండి. డబ్బా శుభ్రంగా, పొడిగా ఉండాలి. మలం మూత్రంతో కలవకూడదు. ఫ్రిజ్‌లో పెట్టకూడదు, ఎందుకంటే చలికి లార్వాలు చస్తే కింద చెప్పే పద్ధతి పని చేయదు. వీలైతే రెండు గంటల లోపు ల్యాబ్ చేరాలి. రిక్వెస్ట్ ఫారం మీద ‘స్ట్రాంగిలాయిడిస్ లార్వాల కోసం, బేర్మన్ పద్ధతి’ అని స్పష్టంగా రాయండి. ‘స్టూల్ రొటీన్’ అని రాస్తే రొటీన్ రిపోర్టే వస్తుంది.

బేర్మన్‌కు ఖరీదైన సామాను అక్కర్లేదు. గాజు గరాటు, దాని కిందికి రబ్బరు గొట్టం, గొట్టానికి క్లాంప్, పైన జల్లెడ ముక్క, దాని మీద రెండు మూడు మడతల గాజుగుడ్డ. గరాటు నిండా 37–40 డిగ్రీల గోరువెచ్చటి నీళ్లు పోసి, సుమారు 10 గ్రాముల మలాన్ని గుడ్డ మీద నీళ్లు తగిలేలా ఉంచాలి. వెచ్చదనానికి, తడికి లార్వాలు మలంలోంచి నీళ్లలోకి వస్తాయి. పైకి ఈదే బలం లేక కిందికి దిగుతాయి. గంట, రెండు గంటల తర్వాత క్లాంప్ వదులు చేసి అడుగునున్న 10 మి.లీ. నీళ్లు పట్టి, సెంట్రిఫ్యూజ్ చేసి, అడుగు మడ్డిని 10ఎక్స్‌లో చూడాలి. కదులుతున్న లార్వా కనబడితే లూగోల్స్ అయోడిన్ చుక్క వేస్తే నిలిచిపోతుంది, భాగాలు తేటగా కనబడతాయి.

కొంకిపురుగు లార్వాతో తికమక పడకూడదు. తాజా మలంలో కొంకిపురుగు గుడ్లే ఉంటాయి, లార్వాలు ఉండవు. రోజంతా నిలవున్న మలంలో ఆ గుడ్లు పొదిగి లార్వాలవుతాయి, అప్పుడే చిక్కు. నోటి గొట్టం పొట్టిగా ఉండి, ఒంటి మధ్యలో జననాంగపు మొగ్గ స్పష్టంగా కనబడితే స్ట్రాంగిలాయిడిస్. నోటి గొట్టం పొడుగ్గా ఉండి ఆ మొగ్గ కనీకనబడనట్టుంటే కొంకిపురుగు. మెడికల్ కాలేజీ ల్యాబ్‌లో వీలుంటే అగర్ ప్లేటు మీద కూడా పెట్టించండి. మలం ముద్ద నుంచి పాకిన లార్వాలు తమతో బ్యాక్టీరియాను ఈడ్చుకుపోతాయి, రెండు మూడు రోజుల్లో ఆ దారులు అగర్ మీద గీతలుగా తేలతాయి. ఆ ప్లేటును టేపుతో మూసి, గ్లవ్స్ లేకుండా ముట్టకూడదు. అందులో ఉన్నవి చర్మంలోకి దూరగల లార్వాలు.

రక్తంలో ఐజీజీ ఎలైజా మలం కంటే ఎక్కువమందిని పట్టుకుంటుంది. అయితే అది మన జిల్లా ఆసుపత్రుల్లో మామూలుగా దొరకదు, పెద్ద నగరాల ల్యాబ్‌లకు పంపాలి. ఫైలేరియా ఉన్నవాళ్లలో తప్పుగా పాజిటివ్ రావచ్చు, ఇప్పటికే రోగనిరోధక శక్తి పడిపోయినవాళ్లలో తప్పుగా నెగెటివ్ రావచ్చు. దొరికితే చేయించండి, దొరకలేదని ఆగిపోకండి.

ఐదో అడుగు: ఆగాలా, మందు ఇచ్చేయాలా

నా తీరు ఇది. స్టిరాయిడ్ మూడు నాలుగు రోజులు ఆగగలిగితే పై పరీక్షలన్నీ చేయించి, పాజిటివ్ వస్తే మందు ఇస్తాను. ఆగలేని జబ్బయితే, లేదా నమ్మదగ్గ పరీక్ష అందుబాటులో లేక మట్టి చరిత్ర బలంగా ఉంటే, స్టిరాయిడ్‌తో పాటు అదే రోజు ఐవర్‌మెక్టిన్ మొదలుపెడతాను. పరీక్ష కోసం ప్రాణాలు కాపాడే స్టిరాయిడ్‌ను ఆపకూడదు. నమూనా మాత్రం మాత్ర వేయకముందే తీసి పెట్టాలి.

మోతాదు కిలోకు 200 మైక్రోగ్రాములు. 45 కిలోలకు 9 మి.గ్రా., 60 కిలోలకు 12 మి.గ్రా. మన దగ్గర 3, 6, 12 మి.గ్రా. మాత్రలు దొరుకుతాయి. పరగడుపున నీళ్లతో ఒక్కసారి వేయించాలి. ఆరోగ్యంగా ఉన్న మనిషికి ఒక్క డోసు చాలునని, నాలుగు డోసులు దానికంటే మెరుగు కావని 2019లో లాన్సెట్ ఇన్ఫెక్షియస్ డిసీజెస్‌లో వచ్చిన ట్రయల్ చూపింది. కానీ స్టిరాయిడ్ మీదికి వెళ్లే పేషెంటు ఆ ట్రయల్‌లోని మనిషి కాదు. ఐవర్‌మెక్టిన్ పేగులోని పెద్ద పురుగుల మీద బాగా పని చేస్తుంది, ప్రయాణంలో ఉన్న లార్వాల మీద అంతగా చేయదు. అవి రెండు మూడు వారాల్లో పేగు చేరతాయి కాబట్టి రెండు వారాలకు అదే డోసు మళ్లీ ఇస్తాను. గర్భిణులకు, 15 కిలోల లోపు పిల్లలకు మామూలుగా ఇవ్వం. ఆఫ్రికాలో లోవా లోవా అనే పురుగు ఉన్నవాళ్లకు ఈ మందు ప్రమాదం, మన దగ్గర ఆ పురుగు లేదు.

‘నులిపురుగుల మాత్ర వేశాం కదా’ అనే మాట ప్రతి వార్డులో వినబడుతుంది. ఫిబ్రవరి, ఆగస్టు నెలల్లో బడిలో వేసే 400 మి.గ్రా. ఆల్బెండజోల్ ఒక్క మాత్ర ఏలికపాములకు సరిపోతుంది, స్ట్రాంగిలాయిడిస్‌కు సరిపోదు. ఐవర్‌మెక్టిన్ వాడలేనప్పుడు ఆల్బెండజోల్ 400 మి.గ్రా. రోజుకు రెండుసార్లు, ఏడు రోజులు ఇవ్వొచ్చు. అప్పటికీ అది రెండో రకం మందే. కోవిడ్‌కు ఏ మేలూ చేయని ఐవర్‌మెక్టిన్‌ను అప్పట్లో ఊరంతా మింగింది. డెక్సామెథాసోన్ పడుతున్న పేషెంట్లకు అది నిజంగా పనికొచ్చే కారణం ఈ పురుగు, ఆ కారణంతో రాసినవాళ్లు మాత్రం తక్కువ.

ఒక కేసు, రెండు దారుల్లో

అలాంటి కేసుల్లోంచి కట్టిన ఒక పేషెంటును ఊహించుకుందాం. కర్నూలు దగ్గర కేసీ కాలువ గట్టు ఊరు, 46 ఏళ్ల నాట్ల కూలి, 45 కిలోలు. కాళ్లు, మొహం వాపు, మూత్రంలో ప్రొటీన్. బయాప్సీలో మినిమల్ చేంజ్. కిలోకు 1 మి.గ్రా. చొప్పున ప్రెడ్నిసొలోన్ 45 మి.గ్రా. మొదలైంది. ముందు తీసిన రక్తంలో ఇసినోఫిల్స్ 1,260. మోషన్ టెస్ట్ ఒకసారి, నెగెటివ్.

మూడో వారం పొట్ట పైభాగంలో నొప్పి, వాంతులు. పాంటోప్రజోల్ ఇచ్చారు. నాలుగో వారం దగ్గు, పిల్లికూతలు. నెబ్యులైజేషన్‌తో పాటు హైడ్రోకార్టిసోన్ పడింది, అంటే స్టిరాయిడ్ ఇంకా పెరిగింది. ఒక్క రోజు నయమనిపించి, రెండో రోజు ఊపిరి ఇంకా కష్టమైంది. పొట్ట ఉబ్బింది, పేగు శబ్దాలు లేవు, సోడియం 122. బొడ్డు చుట్టూ, తొడల మీద వేలిముద్రల్లాంటి ఊదారంగు మచ్చలు. ఎక్స్‌రేలో రెండు వైపులా మచ్చలు, రక్తంలో ఈ.కోలై, ఇసినోఫిల్స్ సున్నా. టీబీ అనుమానంతో పంపిన కళ్లెను టెక్నీషియన్ తడి స్లైడు మీద కూడా చూడబట్టి కదిలే లార్వాలు దొరికాయి.

ఇందులో మలుపు తిరిగింది పిల్లికూతల దగ్గర. స్టిరాయిడ్ మీద ఉండగానే కొత్తగా ఆస్తమా మొదలైందంటే ఆగి ఆలోచించాలి. అక్కడే కళ్లె తడి స్లైడు, మలం పరీక్ష పంపి, ఫలితం రాకముందే ఐవర్‌మెక్టిన్ వేసి ఉంటే సెప్సిస్ దాకా పోకుండా ఆపే అవకాశం ఉండేది.

ఇదే పేషెంటు రెండో దారిలో: ఇసినోఫిల్స్ 1,260 చూసి, నాట్ల సంగతి విని, మూడు నమూనాలకు చెప్పి, మొదటి నమూనా రాగానే 3 మి.గ్రా. మాత్రలు మూడు పరగడుపున ఇస్తాం. మరుసటి రోజు ప్రెడ్నిసొలోన్. పద్నాలుగో రోజు రివ్యూకు వచ్చినప్పుడు మళ్లీ మూడు మాత్రలు. ఆ రోజు పొట్ట నొప్పి, దగ్గు ఉన్నాయా అని అడగడం కూడా అదే రివ్యూలో భాగం.

హైపర్‌ఇన్ఫెక్షన్ వచ్చేసిందనుకోండి

ఐసీయూకు మార్చండి. ఐవర్‌మెక్టిన్ కిలోకు 200 మైక్రోగ్రాములు ప్రతిరోజూ ఇవ్వాలి, మలం, కళ్లె రెండూ వరుసగా రెండు వారాలు నెగెటివ్ వచ్చేదాకా ఆపకూడదు. చాలామంది ఆల్బెండజోల్ కూడా కలుపుతారు, నేనూ కలుపుతాను. గ్రామ్ నెగెటివ్ బ్యాక్టీరియాకు యాంటీబయాటిక్ వెంటనే పడాలి. మెడ బిగుసుకున్నా, స్పృహ తప్పుతున్నా నడుము నీరు తీయండి. మెనింజైటిస్ ఉంటే యాంటీబయాటిక్ డోసు, ఎన్నాళ్లన్నదీ మారతాయి.

స్టిరాయిడ్‌ను జబ్బు ఒప్పుకున్నంత తగ్గించాలి, కానీ సున్నా చేయొద్దు. నెల రోజులుగా బయటి స్టిరాయిడ్ మీదున్న ఒళ్లు సొంతంగా తయారు చేసుకోలేదు, షాకులో అయితే అసలే కష్టం.

పేగు కదలకపోతే మాత్ర ఒంటికి పట్టదు. రైల్స్ ట్యూబు ద్వారా పొడి చేసి వేసి ట్యూబును కొంతసేపు మూసి ఉంచడం, మలద్వారం గుండా ఇవ్వడం ప్రయత్నిస్తారు. అదీ పనికిరానప్పుడు పశువులకు వాడే ఐవర్‌మెక్టిన్ సూదిని చర్మం కింద ఇచ్చి బతికించిన కేసులు ప్రచురణల్లో ఉన్నాయి. అది మనుషులకు అనుమతి ఉన్న మందు కాదు. కుటుంబం రాతపూర్వకంగా ఒప్పుకుని, ఆసుపత్రి అనుమతించాక, పెద్ద కేంద్రంలో మాత్రమే చేయాల్సిన పని.

ఈ పేషెంటు మలం, కళ్లె, వాంతిలో అంటుకునే దశ లార్వాలు ఉంటాయి. బెడ్‌పాన్ తీసేవాళ్లకు, సక్షన్ చేసే నర్సుకు గ్లవ్స్, గౌను ఇవ్వండి. ఆయాలకు ఎందుకో చెప్పి మరీ ఇవ్వండి, లేకపోతే వేసుకోరు.

తర్వాత

బతికి ఇంటికి వెళ్లిన పేషెంటుకైనా, ముందే మందు పడ్డ పేషెంటుకైనా, స్టిరాయిడ్ నడుస్తున్నంత కాలం మలం మళ్లీ చూడాలి. నేను మొదటి మూడు నెలలు నెలకొకసారి బేర్మన్ చేయిస్తాను. ఎలైజా చేయించి ఉంటే ఆరు నెలలకు, ఏడాదికి మళ్లీ చేయించి విలువ తగ్గుతోందా చూడొచ్చు. వెంటనే తగ్గదు, కాబట్టి నెలకే చేయించి డబ్బు వృథా చేయొద్దు. నాట్లకు తిరిగి పోయేవాళ్లకు మళ్లీ అంటొచ్చు. స్టిరాయిడ్ కోర్సు మధ్యలో నాట్ల కాలం వస్తే, పేషెంటు ఆ ఏడాది మడిలోకి దిగకుండా ఉండే దారి ఇంట్లోవాళ్లతో కూర్చుని మాట్లాడండి. డిశ్చార్జి కాగితంలో ఐవర్‌మెక్టిన్ వేసిన తేదీలు, రెండో డోసు ఎప్పుడో రాయండి. పైన ఊహించుకున్న నాట్ల కూలికి వచ్చే ఏడాది కిడ్నీ జబ్బు తిరగబెట్టి ఇంకో ఆసుపత్రిలో 45 మి.గ్రా. మళ్లీ మొదలుపెడితే, అక్కడి డ్యూటీ డాక్టరుకు ఆ కాగితమే ఆధారం.